పటాన్‌చెరు తాత

కిష్టప్ప చేతులకు మూడోసారి సబ్బు రాశాడు. అయినా వాసన పోలేదు. పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా తడి పొడిని గమేలా తట్టతో ఎత్తి డ్రమ్ముల్లో నింపడం అతని పని. ఆ పొడి గోళ్ల సందుల్లో తెల్లగా పేరుకుని ఉంటుంది, తిన్న అన్నానికి కూడా అదే వాసన. పద్దెనిమిదేళ్లుగా మందుల కంపెనీలో ఉన్నవాడికి ఆ వాసన ఎప్పుడూ పట్టలేదు. ఈ రోజు పట్టింది. ఈ రోజు మనుమణ్ణి తొట్టెలో వేసి పేరు పెట్టే పండగ, పసివాణ్ణి ఎత్తుకోవాలి మరి.

"ఎంత రుద్దితే ఏం లాభం? తోలు ఊడుతది గని వాసన పోదు," అన్నాడు పక్క నల్లా దగ్గర యాదన్న. "మనుమని తొట్టెలకు పోతున్నవా, పెండ్లిచూపులకు పోతున్నవా?"

కిష్టప్ప నవ్వలేదు. చేతులు చొక్కాకే తుడుచుకుని, అటూ ఇటూ చూసి, మూడు వారాలుగా గొంతులో అడ్డం పడ్డ మాట అడిగాడు.

"యాదన్నా, మీ పోరలు నీకు పిల్లనిచ్చిన మామను ఏమని పిలుస్తరు?"

"బస్సు తాత అంటరు. బస్సుల వస్తడు, బస్సుల పోతడు. మా నాయిన ఇంట్లనే ఉంటడు గద, ఆయన ఉత్త తాత." యాదన్న తువ్వాల దులిపాడు. "గిదేం పరేషాన్ నీకు? తాతకు తాత అనక ఏమంటరు?"

ఏమంటారో కిష్టప్పకు తెలుసు.

కిష్టప్ప పదేళ్లప్పుడు బొంతపల్లిలో మల్లయ్య పటేలు ఇంట్లో జీతానికి కుదిరాడు. ముప్పై నాలుగేళ్లు వచ్చేదాకా అక్కడే పశువుల్ని కాచాడు, మోట కొట్టాడు, ఆ ఇంటి పిల్లల్ని భుజాన మోశాడు. మాటలు రాగానే ఆ పిల్లలంతా అతన్ని పేరు పెట్టే పిలిచారు. తాత వయసున్న కిష్టప్ప నాయన్ని కూడా అలాగే పిలిచేవారు. మల్లయ్య మనుమడు అంజయ్య అయితే ముద్దుముద్దుగా "ఓ కిష్టప్పా, నన్ను ఎత్తుకో" అంటూ వెంటపడేవాడు. ఆ అంజయ్యే పెద్దయి, పాశమైలారంలో ఓ కంపెనీలో మాత్రలు ప్యాక్ చేసే సంగమ్మను ఇష్టపడి, సంగారెడ్డిలో రిజిస్టర్ పెళ్లి చేసుకున్నాడు. సంగమ్మ కిష్టప్ప ఒక్కగానొక్క బిడ్డ. రెండేళ్లు ఆ ఇంటి తలుపులు వాళ్లకు మూసే ఉన్నాయి. మగపిల్లవాడు పుట్టాడని తెలిశాక అంజయ్య తండ్రి సత్తయ్య జీపు పంపి, తల్లినీ బిడ్డనీ దవాఖాన నుంచి నేరుగా ఇంటికి తెప్పించుకున్నాడు. తొలి కాన్పుకు పురుడు తల్లిగారింట్లో పోయాలన్న మాటే ఎవరూ ఎత్తలేదు. కిష్టప్పకు పటాన్‌చెరులో ఉన్నది ఒక్క కిరాయి గది, అందులో పురుడెక్కడ పోస్తారు?

అందుకే ఆ భయం. తన మనుమడూ తనను "ఓ కిష్టప్పా" అంటే? వాడి తప్పేముంది, ఇంట్లో ఏది వింటే అదే పలుకుతాడు. ఒకసారి పలికాడంటే ఇక ఆ ఇంట్లో పుట్టే ప్రతి బిడ్డకూ అదే వరస. తలుచుకుంటేనే కిష్టప్పకు అన్నం సహించేది కాదు. కంపెనీలో మందు వండే రియాక్టర్ మీద పేలినా ఇంత భయపడడేమో, పిచ్చి మనిషి!

బస్టాండులో భార్య మొగులమ్మ తొట్టెల సామాను మూటతో ఎదురు చూస్తోంది. తొట్టెలో పరిచే చీర, బిడ్డకూ అల్లుడికీ బట్టలు, పిల్లవాడి కాళ్లకు వెండి కడియాలు, ఇవన్నీ తల్లిగారి తరఫున పోవాల్సినవి. బస్సులో కూర్చున్నాక భార్యాభర్తలు మళ్లీ అదే లెక్క మొదలుపెట్టారు.

"సత్తయ్య పటేలుకు మనుమరాలు ఉన్నది గద, సుమిత్ర బిడ్డ. అది తాత అంటది. ఇగ ఆ మాట ఆయనదే," అంది మొగులమ్మ. సుమిత్ర అంజయ్య అక్క.

"మరి నేను చిన్నతాతనా?"

"చిన్నతాత అంటే సత్తయ్య తమ్ముడు. గాయన బతికే ఉన్నడు. వరస తప్పుతది."

"తాతయ్య?"

"టీవీల లెక్క ఉంటది. నవ్వుతరు." మొగులమ్మ మూట ఒళ్లో సర్దుకుంది. "బాపు అందామంటే అంజయ్య తన నాయనను బాపు అంటడు. పిల్లగాడు గదే పట్టుకుంటడు."

"నీకేంది, నీది ఖాయం. అమ్మమ్మ అనే మాట ఎవలు గుంజుకుంటరు?"

ఆడవాళ్లకు వరసలు తేలిగ్గా విడిపోతాయి, తల్లి తల్లి అమ్మమ్మ, తండ్రి తల్లి నాయనమ్మ. ఇద్దరు మగవాళ్లకు మాత్రం ఉన్నది ఒక్క తాత. ఆ ఒక్కదాన్ని ముందే ఒకడు ఏలుకుంటున్నాడు.

సత్తయ్య ఇంటి గేటు దగ్గర చెప్పులు విడిచారో లేదో, సుమిత్ర కూతురు, నాలుగేళ్లది, లోపలికి ఉరికింది.

"అమ్మమ్మా! కిష్టప్ప వచ్చిండు!"

కిష్టప్ప కాళ్లు గడప ఇవతలే ఆగిపోయాయి. ఇన్నాళ్లు భయపడ్డ మాట ఇంత తీయటి గొంతుతో వస్తుందనుకోలేదు. మొగులమ్మ మోచేత్తో పొడిస్తే తప్ప కదల్లేదు.

లోపల చుట్టాలంతా కుర్చీల్లో ఉన్నారు. మల్లయ్య పటేలు భార్య శివమ్మ, ఎనభై దాటిన మనిషి, మంచం మీద నుంచే గుర్తుపట్టింది. "కిష్టిగా, వచ్చినవా? జెర ఆ తొట్టె తాడు సూడు, గట్టిగ లేదు."

కిష్టప్ప చటుక్కున స్టూలెక్కి దూలానికి తాడు బిగించాడు. వియ్యంకుడు స్టూలెక్కడమేమిటని ఎవరికీ అనిపించలేదు. పాపం, అతనికీ అనిపించలేదు. పని చేతిలో ఉన్నంతసేపు కాస్త ఊపిరి ఆడింది.

ఆడవాళ్లు తొట్టెకు పసుపు కుంకుమలు పెట్టి, పిల్లవాణ్ణి తొట్టె పైనుంచి కిందికి, కిందినుంచి పైకి మూడుసార్లు చేతులు మార్చి పడుకోబెట్టారు. మేనత్త సుమిత్ర చెవి దగ్గర వంగి పేరు చెప్పింది: మల్లయ్య. ముత్తాత పేరు. శివమ్మ కళ్లు తుడుచుకుంది. మొగుడి పేరు ఆమె నోట పలకదు కనుక, తన వరకు వాడు "పెద్దాయన" అని చెప్పింది. అందరూ నవ్వారు. పటేలు పేరు గనుక కిష్టప్ప కూడా దాన్ని ఏనాడూ పలికి ఎరగడు.

తర్వాత వరసలు. ఆ ఇంట్లో పేరు పెట్టిన రోజే బిడ్డను ఇంటి పెద్దల్లో ఒక్కొక్కరి ఒళ్లో పెడతారు. ఎవరి వరస వాళ్లే బిడ్డ చెవిలో చెప్పుకోవాలి. ఆనాడు చెప్పిందే ఖాయం. అప్పటినుంచి పెద్దవాళ్లు కూడా ఒకరినొకరు ఆ వరసతోనే పిలుచుకుంటారు.

"నేను నీ తాతను రా," అన్నాడు సత్తయ్య దర్జాగా.

"నేను నాయనమ్మను. మీ మేనత్త బిడ్డ అమ్మమ్మ అంటది, నువ్వు అనకు," అంది సత్తయ్య భార్య నర్సింహమ్మ. మొగులమ్మ పిల్లవాడి నుదురు ముద్దుపెట్టుకుని "అమ్మమ్మను బిడ్డా" అంది.

పిల్లవాడు కిష్టప్ప ఒళ్లోకి వచ్చాడు. వెచ్చగా, పిడికిళ్లు బిగించి, వాసన సంగతి పట్టనట్టు. ఇల్లంతా అతని నోటికేసి చూసింది. ఏమని చెప్పాలి? తాత అనేది ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. పేరు పెట్టి బుజ్జగిద్దామంటే అది పెద్ద పటేలు పేరు. పిల్లవాడు చిన్నగా మూలిగాడు. చేతులు వాటంతట అవే ఊపాయి, నోరు పాత దారి పట్టింది.

"ఏడ్వకుండ్రి చిన్న పటేలా... ఏడ్వకుండ్రి, మీ కిష్టప్పను..."

శివమ్మ పళ్లు లేని నోటితో హాయిగా నవ్వింది. "అంజిగాన్ని గూడ గిట్లనే ఊపెటోడు!"

మిగతావాళ్లు నవ్వలేదు. ఏమన్నాడో కిష్టప్పకు అప్పుడు తెలిసింది. ఎవరో అంటారని భయపడి చచ్చాడు, తీరా తనే అన్నాడు! అదీ పిల్లవాడి చెవిలో, వరస చెప్పే వేళ!

సంగమ్మ లేచింది. ఇరవై ఒక్క రోజుల బాలింత, తలకు గుడ్డ, గోడ పట్టుకుని నడిచి వచ్చి తండ్రి ముందు కూర్చుంది.

"నాయినా, వాడు నీ పటేలు గాదు. నీ మనుమడు. మళ్ల చెప్పు."

కిష్టప్ప తల అడ్డంగా ఊపాడు. "వద్దు బిడ్డా. ఏదన్న గానీ."

"ఏదన్న గాదు." సంగమ్మ మామ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "మామా, మా నాయినను వీడు పేరు పెట్టి పిలిస్తే, నిన్ను గూడ పేరు పెట్టే పిలుస్తడు. నేనే నేర్పుత."

సత్తయ్య మొహం మాడింది. "నా ఇంట్ల నన్నా?"

"నీకు ఉత్త తాత అయితే మా నాయినకేం మిగిలింది? ఇద్దరికీ ఊరి పేర్లు పెట్టు. నువ్వు బొంతపల్లి తాత, ఆయన పటాన్‌చెరు తాత. ఎక్కువ తక్కువ ఉండది."

"నా ఇంట్ల కూసొని నాకు నా ఊరి పేరేందమ్మా!"

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడ్డ అంజయ్య ముందుకొచ్చాడు. పెళ్లయి రెండేళ్లయినా అతను కిష్టప్పను ఏమనీ పిలవలేదు. పిలవాల్సి వస్తే దగ్గేవాడు.

"మామా," అన్నాడు కిష్టప్పతో, చెవులు ఎర్రబడుతుండగా. "పటాన్‌చెరు తాతను అని చెప్పు. వాడు వింటున్నడు."

నర్సింహమ్మ మొగుడికేసి చూసింది. "ఊకో, బొంతపల్లి తాతా. మంచిగనే ఉన్నది." చుట్టాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సత్తయ్య కండువా దులిపి, కోపమో నవ్వో తెలియని మొహంతో "కానియ్యుండ్రి" అన్నాడు.

కిష్టప్ప వంగి పిల్లవాడి చెవిలో చెప్పాడు. ఎంత మెల్లగా చెప్పాడంటే పక్కనున్న సంగమ్మకే వినపడలేదు. మళ్లీ చెప్పమని ఎవరూ అడగలేదు.

భోజనాలయ్యాక, పొద్దు వాలుతుండగా, వెళ్తామని లేచారు. పొద్దున ఆరింటికి మళ్లీ డ్యూటీ. నర్సింహమ్మ కిష్టప్ప చేతికి ఇంట్లోవాళ్లు తాగే స్టీలు గ్లాసులోనే చాయ ఇచ్చింది. గేటు దగ్గర సత్తయ్య వెనక నుంచి పిలిచాడు. మాట కోసం కాసేపు తడుముకుని, ఎట్టకేలకు, "ఓ పటాన్‌చెరు తాతా! మళ్ల ఆదివారం రాండ్రి" అన్నాడు. కిష్టప్ప తనను కాదేమోనని ముందు పక్కకు చూశాడు. తర్వాత రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, మొగులమ్మ వెంట గబగబా నడిచి మలుపు తిరిగిపోయాడు. పటేలు మాట ఎక్కడ వెనక్కి తీసుకుంటాడోనని అతని భయం.

దీపాలు పెట్టే వేళ నర్సింహమ్మ గ్లాసులు తోమించి చూస్తే ఒకటి తక్కువైంది. ఇల్లంతా వెతికి సంగమ్మ పెరట్లోకి వెళ్లింది. జీతగాళ్ల కోసం వేరే పెట్టిన గ్లాసులు కిష్టప్ప జీతమున్న రోజుల్లో పశువుల కొట్టం పిట్టగోడ మీద ఉండేవి, తాగినవాడే కడిగి పెట్టాలి. కొట్టం ఖాళీ అయి ఏళ్లయింది. స్టీలు గ్లాసు శుభ్రంగా కడిగి ఆ పిట్టగోడ మీద బోర్లించి ఉంది, దాని చుట్టూ సిమెంటు ఇంకా తడి ఆరలేదు.