పిలుస్తున్నది శ్యామసుందరి

“ఎలాగూ ఖాళీగానే ఉన్నావుగా, ఆ పెళ్ళి పిలుపు వీడియోకి నాలుగు ముక్కలు రాసి పడెయ్,” అన్నాడు భానుప్రసాద్ సోఫాలోంచి.

అప్పటికి శ్యామసుందరికి ఒక పొయ్యి మీద పప్పు, ఇంకో పొయ్యి మీద పులిహోర పులుసు, గ్రైండర్లో ఇడ్లీ పిండి ఉన్నాయి. చెవికి ఆనించిన ఫోనులో పూలకొట్టు వాళ్ళు ‘హోల్డ్’ పెట్టి సంగీతం వినిపిస్తున్నారు. ఖాళీ అంటే ఇదే కాబోలు అనుకుంది. వారమంతా గోడౌన్ ఆఫీసులో లెక్కలు, శనివారం తెలుగు బడిలో పైసా జీతం లేని పంతులమ్మ కొలువు. సిడ్నీ శివారు ద పాండ్స్‌లో ఇల్లు కొన్న దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఖాళీగా ఉన్నది చుట్టాల గది ఒక్కటే. అయినా ఆమెకు కోపం రాలేదు. తెలుగు రాయమనడమే మహాభాగ్యం, అదీ కూతురు తన్మయి పెళ్ళికి.

వీడియో చేస్తున్న హరిప్రియ విశాఖ నుంచి చదువుకు వచ్చి ఇక్కడే స్థిరపడిన పిల్ల. పని మొదలుపెట్టే ముందే ఫోనులో గట్టిగా చెప్పింది. “ఆంటీ, టోటల్ తొంభై సెకన్లే. దాటితే ఎవ్వరూ చూడరు. వాయిస్ నూట ముప్పై మాటల్లో అయిపోవాలి, మ్యూజిక్‌కి కూడా గాలి ఆడాలి కదా. సగం మంది ఆఫీసులో సౌండ్ ఆఫ్ చేసి చూస్తారు. సో డేట్, టైమ్, వెన్యూ స్క్రీన్ మీద పెద్దక్షరాల్లో కనీసం ఐదు సెకన్లు నిలబడాలి. ఫోన్‌లో చూసేదే కాబట్టి నిలువుగా తీస్తున్నా.”

మొదట వినాయకుడు, తర్వాత పెద్దల ఆశీస్సులు, ఆపైన పిల్లల కథ, కార్యక్రమాలు, చివర్లో పిలుపు. వరస అది. పిల్లల కథ రాస్తున్నప్పుడు శ్యామసుందరి తనలో తనే నవ్వుకుంది. మెల్‌బోర్న్‌లో జరిగిన ఉగాది సంబరాల్లో పచ్చడి బాధ్యత పెళ్ళికొడుకు కిట్టు మీద పడింది. ఇక్కడ ఉగాదికి ఆకులు రాలే కాలం, వేపపూవు ఎక్కడ దొరుకుతుంది? వాడు కాకరకాయ రసం పోశాడు. సిడ్నీ నుంచి స్నేహితురాలి ఇంటికి వెళ్ళిన తన్మయి ఒక గుక్క తాగి, “హూ మేడ్ దిస్?” అని వాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళింది. వెతికిన మనిషిని మళ్ళీ వదల్లేదు. ఇంత కథనూ ఆమె మూడు వాక్యాల్లో కుదించింది: “ఆ ఉగాది పచ్చడిలో చేదు ఎక్కువైంది. ఎవరు చేశారని తన్మయి అడిగింది. ఇప్పుడు మిగతా రుచులన్నీ ఇద్దరూ కలిసి చూడబోతున్నారు.”

కార్యక్రమాల భాగం ఇంత తేలిగ్గా లొంగలేదు. సిడ్నీ పంచాంగం ప్రకారం పంతులుగారు పెట్టిన ముహూర్తం నవంబరు 22, ఆదివారం ఉదయం 10:42. ఇండియా బంధువులు లైవ్‌లో చూడాలంటే వాళ్ళకది తెల్లవారుజామున 5:12. రెండూ ఒకే కార్డు మీద పెడితే పెదనాన్నలు పిన్నమ్మలు తికమక పడతారని రెండు వీడియోలు చేయించింది. ఇండియాకు వెళ్ళేదానిలో అక్కడి టైమూ, లైవ్ లింకూ. ఇక్కడి దానిలో హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి, స్టేషన్ నుంచి నడిచేంత దూరం కాదు గనక కార్లలో కలిసి రమ్మనే మాట, సాయంత్రం బ్లాక్‌టౌన్ హాల్లో రిసెప్షన్, ఎంతమంది వస్తున్నారో చెప్పడానికి నంబరు. ఆ నంబరు ఆమెదే. ఫోన్లెత్తే ఉద్యోగానికి పోటీ ఎవరూ రారు.

అంతా కుదిరిందనుకుంటుండగా ఒంగోలు నుంచి బావగారు గోపాలరావు వీడియో చివర వేయాల్సిన కార్డు రాసి వాట్సాప్‌లో పంపించారు. ‘ఆహ్వానించువారు: శ్రీమతి & శ్రీ దామరాజు భానుప్రసాద్ దంపతులు.’

శ్యామసుందరి ఆ అక్షరాల్లో తన పేరు వెతుక్కుంది. చిన్నప్పటి నుంచీ చూసిన పత్రికలన్నీ ఇంతే. తన పెళ్ళి పత్రికలో అమ్మ కూడా ఇంతే, ఒట్టి శ్రీమతి. నెల రోజులు ఎండలో తిరిగి, గడపగడపకూ వెళ్ళి, కుంకుమ భరిణె పట్టుకుని బొట్టుపెట్టి పిలిచింది అమ్మ. పిలుపులకు తిరిగేది ఆడవాళ్ళు, ఆహ్వానించువారు మాత్రం మగవాళ్ళు. ఆమెకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది.

“నా పేరు కూడా వెయ్యాలి,” అంది.

“వేశారుగా, శ్రీమతి అని,” అన్నాడు భానుప్రసాద్.

“ఏ శ్రీమతి?”

“భలేదానివే. నువ్వూ నేనూ వేరా ఏంటి?”

“వేరు కాకపోతే మరీ మంచిది. ‘శ్రీ & శ్రీమతి శ్యామసుందరి’ అని వేయిద్దాం. మీరు అందులోనే ఉంటారు, కంగారు పడకండి.”

భానుప్రసాద్ నోట్లో పెట్టుకున్న జంతిక కొరకడం మర్చిపోయాడు. “అన్నయ్య ఏమంటాడో! అయినా మగపెళ్ళివారి సంగతి చూడాలి కదా, వియ్యపురాలు ఊరుకుంటారా?” అన్నాడు.

అనుమానం ఉన్నచోటే అడిగితే పోలా? ఆమె అక్కడికక్కడే మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాకు ఫోను కలిపి స్పీకర్లో పెట్టింది. కిట్టు తల్లి కౌసల్య కరీంనగర్ మనిషి. విషయం మొత్తం విని ఒక్క క్షణం ఆగింది. భానుప్రసాద్ గెలిచినట్టు తలాడించాడు.

“ఊకుంటనా వదినా?” అంది కౌసల్య. “నా పేరు లేకుంట నా కొడుకు పత్రిక ఎట్ల పంపుతరు? వాణ్ణి తొమ్మిది నెలలు మోసింది ‘శ్రీమతి అండ్’ కాదు గదా! నా పేరు ముంగట వెయ్యుండ్రి. మా ఆయన పక్కనే ఉన్నడు, ఏమంటలేడు.”

ఇక మిగిలింది గొంతు. రేడియో కంఠం గల తన స్నేహితుడు పాండురంగ చేత చదివిస్తానని భానుప్రసాద్ మాటిచ్చాడు. ఆయన చదివితే రెండు నిమిషాలు దాటింది. ప్రతి మాటకూ గంట కొట్టినంత విరామం. హరిప్రియ తల పట్టుకుంది. “ఆంటీ, బొమ్మల టైమింగ్ కోసం మీరొక శాంపిల్ చదివి పంపారు కదా, ఎడిట్ మొత్తం దాని మీదే కట్ చేశాను. పర్ఫెక్ట్‌గా కూర్చుంది. మీదే ఉంచేయనా?”

శ్యామసుందరి భర్తను అడగలేదు. “చివరి వాక్యం మళ్ళీ చదివి పంపిస్తాను, ఆగు,” అంది. గరాజులో కారెక్కి, బయటి చప్పుడు పడకుండా అద్దాలు మూసుకుని, ఫోనులో రికార్డింగ్ నొక్కింది.

“ప్రతి ఇంటికీ వచ్చి బొట్టు పెట్టి పిలవాలని ఉంది. ఇంత దూరాలు కదా, ఇలా మీ చేతిలోకే వచ్చేశాను. నేను తన్మయి అమ్మను, శ్యామసుందరిని. అమ్మాయి పెళ్ళికి మిమ్మల్ని పిలుస్తున్నాను. తప్పకుండా రండి.”

తన పేరు తనే పైకి పలికి ఎన్నాళ్ళయిందో! బ్యాంకు వాళ్ళు అడిగితే తప్ప అవసరమే పడలేదు. సంతోషంతో కళ్ళు తడిశాయి. అంత మాత్రానికే ఏడుపేంటని తనను తనే తిట్టుకుని, పంపించేసింది.

వీడియోలు రెండూ వచ్చాక ఎవరి అనుమతీ అడగకుండా బంధువుల గ్రూపులన్నిటిలోనూ ఆమే పెట్టింది. చివరి కార్డు మీద ఇద్దరు తల్లుల పేర్లూ, పక్కన ఇద్దరు తండ్రుల పేర్లూ, ఐదు సెకన్లు నిలబడ్డాయి. భానుప్రసాద్ రెండుసార్లు చూసి, “నీ గొంతు ఇంత బాగుంటుందని తెలీదే,” అన్నాడు కాస్త సిగ్గుగా. వినే తీరిక ఎప్పుడు దొరికింది కనుక అందామనుకుని, పోనీలే పెళ్ళివారిల్లని ఊరుకుంది.

మర్నాడు ఒంగోలు నుంచి ఫోను. బావగారే, అక్షింతలు తప్పవనుకుంటూ ఎత్తింది. బావగారు కాదు, ఆయన భార్య. ఆ ఇంట్లో అందరికీ అక్కయ్య, పిల్లలకు పెద్దమ్మ. కోడలిగా వచ్చిన నాటి నుంచీ శ్యామసుందరి ఆమెను ఇంకోలా పిలిచింది లేదు, పిలవగా వినలేదు.

“శ్యామా, వచ్చే నెల మీ బావగారి షష్టిపూర్తి. పత్రిక ఇంకా ప్రెస్సుకు వెళ్ళలేదు,” అంది ఆమె గొంతు తగ్గించి. “అది కూడా నువ్వే రాసిపెట్టాలమ్మా. నా పేరు సుగుణ.”