తొమ్మిది గీతలకోసారి

వదిన తాళంచెవి బల్ల మీద పెట్టి, "రేపట్నుంచి గది నువ్వే తెరుచుకో చిట్టీ" అంది.

అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, అక్కడితో ఇద్దరికీ తీరిపోయేది. ఆమె మాత్రం కరెంటు పోయింది అన్నంత మామూలుగా అంది. వారం రోజుల నిద్రలేమి కళ్ళకింద నల్లగా కనబడుతోంది. నాకు భయం వేసింది.

వదినంటే మా అన్నయ్య భార్య. మేమిద్దరం కలిసి మేడమీద గదిలో మూడేళ్ళుగా త్రీడీ ప్రింటర్ నడుపుతున్నాం. ఫిలమెంట్ అనే ప్లాస్టిక్ తీగని ఒక చిన్న ఇత్తడి గేరు పళ్ళతో పట్టి కిందికి తోస్తుంది. కింద నాజిల్ అనే వేడి మూతి దాన్ని కరిగించి గీత పక్కన గీత, పొర మీద పొర పరుస్తుంది. చెప్పుకోవడానికి ఇంతే. చెయ్యబోతే తల ప్రాణం తోకకొస్తుంది.

అంధుల బడి కొత్త భవనానికి తలుపుల పలకలు నలభై చెయ్యాలి. ఒక్కోటి అరచేయంత. పైన బ్రెయిలీ చుక్కల్లో గది పేరు. సోమవారం పిల్లలొస్తారు. మా పలకల పైపొరలో మాత్రం సందులు పడుతున్నాయి. ప్లాస్టిక్ చాలక గీతకీ గీతకీ మధ్య సన్నటి గాడులు. కళ్ళున్నవాళ్ళు వాటిని పట్టించుకోరు. వేలితో చదివే పిల్లలకి అవి చుక్కల మధ్య అడ్డొచ్చే చెత్త.

మొదటి పలక చూడగానే నేను తీర్పు చెప్పేశాను. వానరోజున వదిన తీగచుట్టల డబ్బా మూత తెరిచి వదిలేసింది కదా, చెమ్మ తాగేసింది, అంతే. అది పచ్చి అబద్ధమూ కాదు. నాజిల్ దగ్గర సిటపటలాడుతూ చిన్న బుడగలు పేలాయి. చుక్కల మధ్య సాలెగూటి దారాలు వేలాడాయి. అవన్నీ తడి గుర్తులే.

పాపం వదిన తెల్లవారుజామున ఐదింటికే వచ్చి, ఒక్కో చుట్టనీ అరవై అయిదు డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలు డ్రయ్యర్లో ఆరబెట్టింది. సిటపట ఆగింది. దారాలు పోయాయి. సందులు మాత్రం పోలేదు.

"ఇంకా తడే" అన్నాను.

"చప్పుడు లేదు కదే. తడయితే పేలదూ?"

"నాకు చెప్పకు వదినా. మూత తీసిందెవరు?"

ఆ మాట నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు అన్నానో లెక్క పెట్టుకోలేదు. ఆమె పెట్టుకుని ఉంటుంది.

ఆపైన నాజిల్ మీద పడ్డాను. లోపల సగం పూడుకుపోయినా సందులే వస్తాయి. వేడి చేసి చేత్తో తీగని తోశాను. పూడుకుంటే మెలితిరుగుతూ, ఒక పక్కకి వంగుతూ రావాలి. ఇది దారంలా నిటారుగా దిగింది. చల్లార్చి ఒక్క గుంజు గుంజితే నాజిల్ లోపలి ఆకారంలో తీగ మొన శుభ్రంగా ఊడొచ్చింది. నలక కూడా లేదు. వేగం తగ్గించి, వేడి పెంచి చూశాను. పూడిక అయితే కాస్తయినా నయమవ్వాలి. ఏమీ మారలేదు.

విసుగెత్తి, ప్లాస్టిక్ నూటికి పది పాళ్ళు ఎక్కువ పంపమని మెషీన్‌కి చెప్పాను. చుక్కలు ఉబ్బి ఒకదాన్నొకటి అంటుకున్నాయి. సందులు ఎప్పటిలాగే కూర్చున్నాయి. ఆ పలక వదిన ముందు విసిరేసి, "చూడు నీ తడి" అన్నాను. ఆమె దాన్ని ఏరి తుక్కుబుట్టలో వేసి, ఆ తరవాతే తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. తను ఒకప్పుడు పనిచేసిన బట్టలు కుట్టే దుకాణంవాళ్ళు మళ్ళీ రమ్మంటున్నారట.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద కర్ర చప్పుడయ్యింది. అంధుల బడి మాస్టారు. నమూనా చూస్తానని కబురు పంపారు, నేనే మర్చిపోయాను.

"ఇంకా కుదర్లేదండీ మాస్టారూ. పైన సందులొస్తున్నాయి" అన్నాను.

"కుదరనిదే ఇవ్వండి, చూద్దాం."

ఆయన కుర్చీలో కూర్చుని, కర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టి, పలక మీద చూపుడువేలు పై నుంచి కిందికి నడిపించారు. ఆగారు. మళ్ళీ పై నుంచి మొదలుపెట్టారు. ఇంకో పలక అడిగారు. వదిన అందించింది.

"ఇవి కావాలని పెట్టారా?"

"అయ్యో, లేదండీ."

"మరి ఇంత సమదూరంలో ఉన్నాయేం? నాలుగు మిల్లీమీటర్లకొకటి. రెండు పలకల్లోనూ అంతే. నేను ఏదో లైన్లు గీశారనుకున్నా."

చుక్కల గోలలో నా కళ్ళకి కనబడనిది అదే. స్కేలు పెట్టి చూశాను. తొమ్మిది గీతలకోసారి ఒక గీత బక్కచిక్కింది. తడికి వరస తెలీదు, ఎక్కడ పడితే అక్కడ పేలుతుంది. పూడిక కూడా ఇలా కొలిచి రాదు. వరసగా వచ్చేది గుండ్రంగా తిరిగే వస్తువు వల్లే. గేరు ఒక చుట్టు తిరిగి తోసే తీగ, ఈ పలక మీద దాదాపు తొమ్మిది గీతలకి సరిపోతుంది.

గేరు మీది మూత విప్పాను. గేరు కింద ప్లాస్టిక్ పొడి కుప్పగా ఉంది. చుట్టూ పళ్ళు బాగానే ఉన్నాయి. ఒక్క పక్క మూడు పళ్ళు నున్నగా అరిగిపోయి, సందుల్లో పొడి గట్టిగా కూరుకుంది. తీగ బయటికి లాగి చూస్తే పళ్ళ గాట్లు, గాట్లు, కొంతమేర గీరుకుపోయిన నునుపు, మళ్ళీ గాట్లు.

ఒకే చోట ఎందుకరిగిందో నాకు వెంటనే గుర్తొచ్చింది. గుర్తు రాకపోతే బాగుండనిపించింది. రెండు నెలల క్రితం చీకట్లో మెరిసే తీగతో బొమ్మలు చేశాం. అందులో ఇత్తడిని అరగదీసే గట్టి పొడి ఉంటుంది. నాజిల్ పూడుకుపోయి, మోటారు ముందుకెళ్ళలేక అక్కడే టక్కుటక్కుమని కొట్టుకుంది. నాజిల్ మార్చాను కానీ గేరు వంక చూడలేదు. నాజిల్ మార్చకముందే ఆ చప్పుడు విని వదిన వచ్చి, "ఆపెయ్యనా చిట్టీ, ఏదో అరుగుతోంది" అంది. "నీకేం తెలుసు, కానివ్వు" అన్నాను. రెండు గంటలు కానిచ్చాను.

మాస్టారి ముందే అన్నాను. అప్పుడు అనకపోతే ఇక అనలేనని తెలుసు. "వదినా, తడి నీదే. సందులు నావి. ఆరోజు నువ్వు ఆపమన్నావు, నేను వినలేదు."

వదిన గేరుని వేళ్ళ మధ్య తిప్పి చూసింది. "నాలుగు రోజులు..." అని ఆగిపోయింది.

"తప్పయిపోయింది వదినా."

"ఇప్పుడవన్నీ ఎందుకులే, నిద్రొస్తోంది. కొత్త గేరు ఆ డబ్బాలో ఉంది, ఇటివ్వు."

తనే బిగించింది. తీగ మీద వంద మిల్లీమీటర్లకి గుర్తు పెట్టి తోయిస్తే వందా దిగాయి. గంట తరవాత వచ్చిన పలక మీద మాస్టారి వేలు ఎక్కడా ఆగలేదు. "గ్రంథాలయం" అని పైకి చదివి, లేచి, మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఇంకా ముప్ఫై తొమ్మిది. వదిన కొత్త చుట్ట తీసుకుని డబ్బా మూత గట్టిగా నొక్కి పెట్టింది. బల్ల మీద తాళంచెవి అలాగే ఉంది. దాని వంక చూడకుండా ఉండటం నా వల్ల కాలేదు.

"దుకాణం వాళ్ళకి ఏం చెప్పావు?"

"ఇంకా ఏం చెప్పలేదు." ఆమె మెషీన్ మీటకి చెయ్యి ఆనించి నా వైపు తిరిగింది. "ఇకమీదట టక్కుమని వినబడితే ఆపేస్తాను. నిన్ను అడగను."

నేను తలూపాను. ఆమె తాళంచెవి తీసి కొంగున ముడేసుకుంది.