నా సీటులోకి వచ్చిన అమ్మాయి

మా ఆయనకు డయాలసిస్ జరుగుతోంది, పక్కన మనిషి ఉండాలి, మా ఊరి బ్రాంచికి బదిలీ చేయండని మేనేజరుకు ఉత్తరం రాశాను. రేపే పంపమనలేదు. మూడు నెలలుండి, నా సీటులోకి వచ్చేవారికి బీమా క్లెయిముల పనంతా నేర్పి వెళ్తానన్నాను.

ఉత్తరం బాగుందన్నారు. ఒక అమ్మాయినిచ్చారు. ప్రాణం పెట్టి నేర్పాను.

గడువు తీరగానే మా ఊరికి బదిలీ ఆర్డరు వచ్చింది, ఆ అమ్మాయి పేరున.

“అక్కడ ఖాళీకి పని తెలిసిన మనిషి కావాలన్నారు మేడం. మీరు తయారుచేసిన మనిషే కదా,” అన్నారు మేనేజరు.

“మరి నేను?”

“మీరూ వెళ్తే ఇక్కడ నేర్పేదెవరు? సోమవారం ఇంకొకరొస్తున్నారు.”

సాయంత్రం ఆ అమ్మాయి మొహమాటపడుతూ వచ్చింది. “అక్కా, మీ ఊళ్ళో అద్దెకి ఇల్లేమైనా దొరుకుతుందా?”

“మా మేడ మీద వాటా ఖాళీయే. కూర్చో, మా ఆయన్ని డయాలసిస్‌కి తీసుకెళ్ళడం కూడా నేర్పేస్తాను.”