పదిహేడో తారీకు ఇసుక

నాకు విసుగెక్కువ. కాశీబుగ్గ బస్టాండు ఎదర నా జెరాక్స్ కొట్టుకి వచ్చేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. తెలుగు కాగితాల్ని ఇంగ్లీషులోకి మార్చి, కింద సంతకం పెట్టి ఇచ్చేది ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే. అందుకని ఈ లలితమ్మ కసురుకున్నా పడతారు.

పోలారావు మేస్త్రీ సంచీ విప్పినప్పుడే నాకు నడుం పట్టేసి ఉంది. రెండేళ్ల కిందట అక్కుపల్లిలో వలలు దాచుకునే షెడ్డు కట్టాడాయన. సరుకు ఆ షెడ్డు కట్టించిన కంపెనీది, పని ఆయనది. ఇప్పుడు స్తంభాలు బీటలిచ్చి, లోపలి ఇనుము తుప్పు కారుస్తోంది. ఇసుకలో ఉప్పుంది, మేస్త్రీ చూసుకోలేదు అని కంపెనీ వాదన. తగువు తీర్చే మధ్యవర్తి భువనేశ్వర్‌లో ఉండే ఆయన, తెలుగు రాదు. అందుకే ఒప్పందం, పనుల పట్టిక, సైటు నోటుపుస్తకం అన్నీ ఇంగ్లీషులో కావాలి. తప్పు మేస్త్రీదని తేలితే ఉద్దానంలో ఇక ఎవరూ ఆయన్ని పనికి పిలవరు. అరవై దాటిన మనిషి, ఇంకో పని తెలీదు.

పట్టికతో మొదలెట్టాను. "పునాది గోతులు తవ్వి, వచ్చిన మట్టిని యాభై మీటర్ల లోపు పారబోయుట, ఘనపు మీటరుకు". ఇలాంటివి నలభై రెండు. ఐటం నంబరు మారకూడదు, కొలత మారకూడదు. కూడిక తప్పున్నా దిద్దకూడదు, ఉన్నదున్నట్టు ఎత్తి రాసి పక్కన ఆ ముక్క చెప్పాలి. పదకొండో ఐటం కాంక్రీటుది: "ఇసుకను మేస్త్రీ ప్రతిరోజూ పరీక్షించి, బాగులేనిచో సైటు ఇంజనీరుకు తెలియజేయుటతో సహా". తగువంతా దాని మీదే గనక మూడుసార్లు చదివి మరీ రాశాను.

ఆ తర్వాత నోటుపుస్తకం. అరవై నాలుగు రోజులది. ప్రతి రోజూ మొదటి మాట ఒక్కటే: "ఇసుక నాలిక మీద వేసుకుని చూసినాను, చప్పగా ఉంది." సముద్రం పక్కన పని గదా, ట్రాక్టరు లోడు దింపేముందు చిటికెడు నోట్లో వేసుకుని ఉమ్మేస్తాడట. వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్న అలవాటు. పది రోజులు రాసేసరికి నా ప్రాణం విసిగింది. ఆ ఇంగ్లీషు వాక్యం కాపీ చేసుకుని, తారీకు మార్చి అతికిస్తూ పోయాను. కూలీలెందరు, సిమెంటు ఎన్ని బస్తాలు, అవి మాత్రం చూసి కొట్టాను. నిన్న సంతకం పెట్టి మధ్యవర్తికి కొరియర్లో వేసేశాను.

ఇవాళ పొద్దున్న తన కాపీ కోసం వచ్చాడు. స్టూలు మీద కూర్చుని, "మార్చి పదిహేడో తారీకుది ఒక్కటి సదివి సెప్పు తల్లీ. నాకున్న దిక్కదే" అన్నాడు.

"ఇన్ని పేజీల్లో ఎక్కడని వెతకను?" అని గొణుక్కుంటూనే తీశాను. చదివి తెలుగులో చెప్పాను. ఇసుక రుచి చూశాను, ఉప్పు లేదు. కూలీలు పద్నాలుగు మంది. స్తంభాలకి కాంక్రీటు.

"అదేటి? నాను అలా రాయలేదే."

నోటుపుస్తకం నా ముందు పెట్టాడు. "ఇసుక నాలిక మీద వేసుకుని చూసినాను, ఉప్పగా ఉంది." చోటు చాలక మిగతాది అంచులో నిలువుగా రాశాడు: "ఇంజనీరు గారికి చెప్పినాను. ఆపొద్దు, వేసెయ్ అన్నారు." దాని పక్కనే ఆ ఇంజనీరు పొట్టి సంతకం.

ఆయన్ని కాపాడే ఒకే ఒక్క మాటని తీసేసి, దాని చోట ఆయన్నే ముంచే మాట పెట్టి, నిజమని సంతకం చేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"తప్పు నాదే మేస్త్రీ గారూ. రోజూ ఒకటే మాట కదా అని చూడకుండా అతికించేశాను."

ఆయన నోటుపుస్తకం నా వైపు ఇంకాస్త జరిపాడు.

మధ్యవర్తికి ఉత్తరం కొట్టాను. పదిహేడో తారీకు అనువాదం తప్పు, ఆ తప్పు పూర్తిగా నాది, ఆ పేజీ ఫోటో జతచేస్తున్నాను అని. విచారణ సోమవారమే. ఈవిడ ఇంకెన్ని తప్పులు చేసిందో అని కంపెనీ లాయరు అడుగుతాడు. అడగాలి కూడా. సంతకం పెట్టబోతే చెయ్యి ఆగింది. ఇంకెక్కడ ఏం అతికించానో నాకే తెలీదు మరి.

"పుస్తకం మొదట్నించీ చదవండి. నేను ఇంగ్లీషు చూసుకుంటాను" అన్నాను.

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. ఉండబట్టలేక అడిగేశాను. "ఒకటే ఇసుక రేవు, ఒకటే ట్రాక్టరు. రోజూ అదే ఇసుక నోట్లో వేసుకోడానికి మీకు విసుగనిపించలేదా?"

"ఎందుకుండదు తల్లీ, ఇసుగే. నోరంతా గరగర, అన్నం సయించేది కాదు" అన్నాడు. "అయినా ఉప్పు ఏ రోజు వత్తాదో ముందు సెప్పదు గదా."

నేను మొదటి రోజు పేజీ తీశాను.