నవ్వు వెనకాల చప్పుడు

ఇంట్లో అందరూ ఆమెను వాగుడుకాయ అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది అన్నయ్యే. చిన్నప్పుడు కిటికీ ఎక్కి కూర్చుని, వీధిలో పోయేవాళ్లందరి గురించీ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతూ ఉండేదట. పెద్దయ్యాక ఆ వాగుడే అన్నం పెట్టింది. సినిమాల్లో కనబడేదాన్ని చూపులేని ప్రేక్షకుల కోసం మాటల్లో రాసి, తనే చదివి రికార్డు చేసే ఉద్యోగం దొరికింది.

తీరా చేరాక తెలిసిందేమిటంటే, ఆ ఉద్యోగంలో సగం పని నోరు మూసుకోవడమే. తెర మీద ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదు. మాటకీ మాటకీ మధ్య దొరికే ఖాళీలోనే చెప్పాలి. ఆ ఖాళీలో అన్నీ పట్టవు, అందుకని కథకి కావలసింది ఏరుకోవాలి. కర్టెన్ రంగు చెబుతూ కూర్చుంటే కత్తి సంగతి చెప్పడానికి టైం ఉండదు. కనబడింది చెప్పాలి, మనం ఊహించింది చెప్పకూడదు. ఏది ముందు కనబడితే అది ముందు చెప్పాలి.

ఆమె రాసినదాన్ని చెవుల మాస్టారు సరిచూసేవాడు. పుట్టుగుడ్డి, మహా చాదస్తుడు. సినిమా అంతా విని, ఎక్కడ అర్థం కాలేదో అక్కడ ఆపేసేవాడు. ఆయన్ని ఒప్పించడం కంటే ప్రొడ్యూసర్ని ఒప్పించడం తేలిక.

ఆ రోజు వాళ్ల చేతిలో ఉన్నది ఒక డాక్యుమెంటరీ. చాలా ఏళ్ల కిందట ఒక బట్టలు కుట్టే కార్ఖానాలో అగ్నిప్రమాదం జరిగింది. లోపల ఇరుక్కున్న ఆడపిల్లలు చాలామంది బయటికి రాలేదు. వేడికి తలుపు బిగుసుకుపోయిందని అప్పట్లో తేల్చారు. అన్నయ్య అక్కడే కాపలాదారు. మంటలు లేచినప్పుడు కింద గేటు దగ్గర ఉన్నానని, పరిగెత్తుకొచ్చి తలుపు బద్దలుకొట్టి కొందరిని లాగానని చెప్పాడు. కొందరిని లాగిన మాట నిజమే. రెండు అరచేతులూ కాలి, ఇప్పటికీ వేళ్లు పూర్తిగా చాచలేడు. ఆ చేతుల్ని చూసినప్పుడల్లా ఆమెకి ఛాతీ ఉప్పొంగేది. ఈ పని తనకే వచ్చినందుకు సంబరపడింది కూడా.

సినిమా మధ్యలో ఒక ఫోన్ వీడియో వస్తుంది. చనిపోయిన పిల్లల్లో ఒకామె, మంటలకి కాస్త ముందు, తను కుట్టిన పసుపు గౌను వేసుకుని గిర్రున తిరుగుతూ ఉంటే స్నేహితురాలు తీసి ఇంటికి పంపింది. అందులో మాటల్లేవు, నవ్వులే. వాగుడుకాయ దానికి, "పసుపు గౌనులో అమ్మాయి గిర్రున తిరుగుతుంది, నవ్వుతుంది," అని రాసుకుంది.

మాస్టారు చెయ్యెత్తాడు. "ఆపమ్మా. ఆ నవ్వు వెనకాల టక్కుమని ఏదో చప్పుడు. ఏమిటది?"

"ఏమీ లేదు మాస్టారూ. మెషిన్ చప్పుడేమో."

"మెషిన్ అయితే మళ్లీ మళ్లీ రావాలి. ఇది ఒక్కసారే వచ్చింది. చప్పుడు వినబడి, ఏమిటో తెలియకపోతే మావాళ్లు అక్కడే ఆగిపోతారు. చూడు."

విసుక్కుంటూనే వెనక్కి తిప్పి, ఒక్కొక్క బొమ్మే కదిలించింది. అమ్మాయి భుజం వెనకాల గుమ్మం ఉంది. గుమ్మం బయట నడవా కప్పు కింద నల్లగా, తాడులా సాగిన పొగ. ఆ పొగ కింద కాపలా టోపీ పెట్టుకున్న మనిషి. అతను తలెత్తి పొగని చూశాడు. తర్వాత తలుపు లాగి మూశాడు. అప్పుడొచ్చింది టక్కుమని ఆ చప్పుడు. బయట గడియ పడిన చప్పుడు.

మెడ ఎత్తే తీరు, ఎడమ భుజం కిందికి జారడం, చేతిలో తను కుట్టిచ్చిన గళ్ల సంచి. అన్నయ్యే.

"ఏమైనా కనబడిందా?" అన్నాడు మాస్టారు.

"లేదండీ," అంది. "ఏమీ కనబడటం లేదు."

"సరే, నువ్వు చూశావుగా, అది చాలు," అన్నాడాయన. ఆ మాటతో ఆమెకి సిగ్గు ముంచుకొచ్చింది.

సాయంత్రం అన్నయ్య ఎప్పటిలా స్కూటర్ మీద తీసుకొచ్చాడు. దారిలో "ఏమే వాగుడుకాయా, బ్యాటరీ అయిపోయిందా?" అని ఆటపట్టించాడు. ఇంటి మెట్ల దగ్గర అడిగేసింది.

"మంటలు లేచినప్పుడు నువ్వెక్కడున్నావు అన్నయ్యా?"

"కింద గేటు దగ్గర. ఎన్నిసార్లు చెప్పాను?"

"ఒక పిల్ల ఫోన్ వీడియోలో నువ్వున్నావు. గుమ్మం దగ్గర."

అన్నయ్య మెట్టు మీద కూర్చున్నాడు. "పనివేళలో గడియ పెట్టమని మేనేజర్ ఆర్డర్. పిల్లలు బయటికి జారుకుంటున్నారని రోజూ పెట్టించేవాడు. అలవాటుగా పెట్టాను. అప్పటికి పొగ లేదే. నీ మీద ఒట్టు." కాలిన చెయ్యి ఆమె తల మీద పెట్టాడు.

గడియ పెట్టడం ఒక దెబ్బ, ఈ ఒట్టు అంతకి పదింతల దెబ్బ. పొగని చూడ్డానికి అతను తలెత్తడం ఆమె ఒక్కొక్క బొమ్మే కదిలించి చూసింది. తన నెత్తి మీద చెయ్యి పెట్టి అబద్ధమాడుతున్నది తనని ఎత్తుకుని పెంచిన మనిషి.

"అన్నీ చెప్పక్కర్లేదంటావుగా మీ పనిలో," అన్నాడు నెమ్మదిగా. "ఉన్నది కాస్త ఖాళీ. ఆ పిల్ల నవ్వు చెప్పు, చాలు. ఎవరు అడుగుతారు నిన్ను?"

అడిగేవాడు ఒకడున్నాడు. అడిగాడు కూడా.

మర్నాడు స్టూడియోలో మైకు ముందు కూర్చునేముందు మాస్టారు దగ్గరికెళ్లింది. "నిన్న కనబడలేదన్నాను. కనబడింది. నేనే చెప్పలేదు."

మాస్టారు ఎందుకని అడగలేదు. "చూపున్నవాళ్లకి కనబడుతుందా?"

"అందరి కళ్లూ ఆ పిల్ల మీదే ఉంటాయి. కానీ తెర మీద ఉంది మాస్టారూ. వెతికితే కనబడుతుంది."

"ఉంటే మాకూ కావాలి. రాయి."

మొదట రాసినదాంట్లో గళ్ల సంచి ఉంది. మాస్టారు విని, అది చప్పుడు మీద పడుతోంది, కథకి అక్కర్లేదు, తీసెయ్యి అన్నాడు. తీసేసింది. గడియ పెట్టాడు అన్న మాటా తీసేసింది, ఎందుకంటే గడియ కనబడదు, వినబడుతుంది. మిగిలింది మైకులో చదివింది. గొంతు వణకకూడదు కాబట్టి వణకనివ్వలేదు. ఆమె ఆగిన చోట టక్కుమంది. గాజు అవతల మాస్టారు హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

బయటికొస్తే అన్నయ్య స్కూటర్ దగ్గర నిలబడి ఉన్నాడు. హ్యాండిల్‌కి అదే గళ్ల సంచి.

"ఏం చెప్పావే?"

మైకులో చదివినట్టే చెప్పింది. "పసుపు గౌనులో అమ్మాయి గిర్రున తిరుగుతుంది. ఆమె వెనక, గుమ్మం బయట పొగ. కాపలాదారు తలెత్తి పొగని చూస్తాడు. తలుపు మూస్తాడు."

అన్నయ్య కాదనలేదు. ఒట్టు పెట్టలేదు. వంకర వేళ్లతో సంచి పట్టుకున్నాడు. ఏ చిన్న పొగో అనుకున్నాను, తలుపు తీసి ఉంచితే మేనేజర్ తిడతాడనుకున్నాను అని గొణిగాడు. తర్వాత, "ఒకటి వదిలేశావు," అన్నాడు.

"ఏమిటి?"

"ఆ పిల్ల తిరుగుతూ గుమ్మం వైపు వచ్చింది చూడు. అప్పుడు మొహం కెమెరాకి కనబడదు. నాకు కనబడింది. గౌను ఎలా ఉంది అన్నా అన్నట్టు నాకేసి చూసి నవ్విందే. ఆ నవ్వు చూస్తూనే మూశాను."