ఆండాలమ్మ గంజు

"గీ గంజుల మీద చిన్న గీత పడ్డా ఆండాలు వదినె ఇగ జన్మల మన గడప తొక్కది. ముందే చెప్తున్న, తర్వాత నన్ననొద్దు," అన్నది లీలమ్మ.

అప్పటికింకా ఏమీ కాలేదు. ఆటోలోంచి దించిన రెండు పెద్ద స్టీలు వంట గంజులు వాకిట్లో పాత చీర మీద కూర్చుని అద్దాల్లా మెరుస్తున్నాయి, అంతే. పెద్దదాంట్లో మగ్గాల రేకుల కప్పు, దాని మీది ఆకాశం, గుండ్రంగా సాగిపోయిన లీలమ్మ ముఖం, అన్నీ కనిపిస్తున్నాయి.

"గంజులకేమైతది? వంట వండుకుంటం, తోమి ఇస్తం," అన్నాడు కొడుకు అశోక్‌కుమార్.

"గట్ల తేలికగ మాట్లాడకు. మీ అత్త వాటిల తను గూడ వండుకోదు. తుడిచి పెట్టుకుంటది. గసుంటి మనిషి అడగకుండనే పంపింది."

లీలమ్మ భయం ఊరికే పుట్టింది కాదు. మామ పోయాక మగ్గం గుంట ఉన్న జాగా పంచుకునేటప్పుడు లీలమ్మ భర్త వెంకటనర్సుకూ, అతని అక్క ఆండాలమ్మకూ మాట మాట పెరిగింది. ఒకే పోచంపల్లి, రెండు వీధుల దూరం. బట్టలు మోసుకుని బస్సెక్కేటప్పుడు ఎదురుపడినా తల తిప్పుకునే వారు. ఇన్నేళ్లకు మనుమరాలు వర్షిత మొదటి పుట్టినరోజని తెలిసి, పిలుపు అందిన మర్నాడే ఆ గంజులను పంపింది. తను వస్తానని మాత్రం కబురు చేయలేదు. అయినా లీలమ్మకు ఆ గంజులే వదినె చెయ్యి చాపినట్టు అనిపించింది. వాటికేమన్నా అయితే ఆ చెయ్యి వెనక్కి పోతుంది. ఆమె మనసులో తిరుగుతున్నదంతా ఇదే.

పుట్టినరోజు పొద్దున చుట్టాలు స్నానాలకు వరుసలో నిలబడ్డారు. ఇంట్లో గ్యాసు పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. అశోక్‌కుమార్‌కు ఒక ఉపాయం తోచింది. రంగులద్దే షెడ్డులో నూలు రంగు మరిగించే పెద్ద బర్నరు ఉంది కదా, దాని మీద పెద్ద గంజు పెట్టి బోరు నీళ్లు కాచాడు. ఆ బర్నరు మంట పెద్ద రంగు తొట్టి కోసం చేసింది, గంజు అంచుల దాకా నాలుకలు చాస్తుంది. నీళ్లు పొంగి పక్కల నుంచి కారాయి. వాటిని బకెట్లలోకి తోడి ఇస్తూ ఇస్తూ, కుర్చీలు తెచ్చిన మల్లేశ్ పిలిచాడని బయటికి పోయాడు. మంట తగ్గించలేదు. అడుగున మిగిలిన కాసిని నీళ్లూ ఇగిరిపోయి ఖాళీ గంజు మంట మీద కాలింది.

లీలమ్మ వచ్చి చూసేసరికి గంజు అడుగు నుంచి జానెడు ఎత్తు దాకా బంగారు రంగు, దానిపైన ఎర్రటి ఊదా, ఆపైన నెమలిమెడ నీలం, ఒకదాని వెంట ఒకటి పట్టెలు పట్టెలుగా చుట్టుకుని ఉన్నాయి. వాటి మీదుగా నీళ్లు కారిన చోటల్లా సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చారలు.

ఆమె కళ్లు చిన్నప్పటి నుంచీ రంగుల మధ్యే పెరిగిన కళ్లు. ఆ కళ్లకు తోచింది ఒక్కటే.

"రంగంటింది. షెడ్డుల రంగు పట్టింది. గీ తెల్లది రంగుల కలిపే సోడా. గిండ్ల వండింది తిన్నోళ్లు దవాఖానల పడతరు," అన్నది. ఆ గంజులో వంట వండనివ్వలేదు. చిన్న గంజుతో, ఇంట్లో గిన్నెలతో సరిపెట్టి పండుగ గడిపారు. కేకు కోసేటప్పుడు కూడా ఆమె చూపు షెడ్డు తలుపు మీదే ఉంది. ఆండాలమ్మ రాలేదు. రాకపోవడమే మంచిదైందని ఒక క్షణం అనుకుని, అలా అనుకున్నందుకు లెంపలు వేసుకుంది.

మర్నాడు తెల్లవారుతూనే, కోడలు లేవకముందే, లీలమ్మ గంజును బోరు దగ్గరికి తీసుకుపోయి ఇనుప పీచుతో రుద్దింది. అరచెయ్యంత మేర రుద్దేసరికి చెయ్యి నొప్పి పుట్టింది. నీలం పోలేదు, మాసిపోయి అక్కడక్కడ నిలిచింది. దాని కింద స్టీలు మీద మాత్రం పిల్లి గోళ్లతో గీరినట్టు సన్నటి గీతలు. అద్దం పోయింది. ఆ చోట ఆమె ముఖం ఇక కనిపించలేదు.

ఆమె పరుగున షెడ్డులోకి పోయి బ్లీచింగు పౌడరు డబ్బా తెచ్చింది. నూలు రంగు తీసేది అదే కదా, గంజు రంగూ తీస్తుంది. మూత తిప్పుతుండగా కోడలు సింధూజ చంకలో పిల్లతో వచ్చింది.

"అత్తమ్మా, జర ఆగు. అది పెట్టకు, స్టీలును తింటది. చుక్కలు చుక్కలుగ గుంటలు పడతయి."

"మరేం జేద్దామే? మీ పెద్దత్త అడిగితే ఏం చెప్పాలె? రంగు కడుపులకు పోతే?"

సింధూజ పిల్లను అత్త చేతికిచ్చింది. తెల్ల గుడ్డపేలిక తడిపి నీలం పట్టె మీద గట్టిగా తుడిచి, మడత విప్పి చూపించింది. గుడ్డకు మరకే లేదు.

"రంగైతే గుడ్డకు అంటాలె కదా. నీకు నేను చెప్పాల్నా?"

లీలమ్మ గుడ్డను వెలుతురుకు పెట్టి చూసింది. అద్దకం ఎరిగిన ఆమెకు ఆ సాక్ష్యం కాదనలేనిది.

"మరిదేంది?"

"చిట్యాలల మా అమ్మ మెస్సు నడిపినప్పుడు ఖాళీ గిన్నె మంట మీద మరిచిపోతే అచ్చం గిట్లనే అయ్యేది. స్టీలు మస్తు వేడెక్కితే దాని మీది పొర దళసరైతదట. ఆ పొరనే మనకు రంగుల లెక్క కనిపిస్తది. విషం కాదు. గీ తెల్లవి మన బోరు నీళ్ల సున్నం, పులుపు పెడితే పోతది. నీ నీళ్లు కాచే బకెట్ల అడుగు చూడు, గదే."

లీలమ్మ పోయి బకెట్టు చూసి వచ్చింది. గదే.

వెంకటనర్సు పట్టు అద్దకంలో వాడే యాసిడ్ డబ్బా పట్టుకొచ్చాడు. "పులుపే కావాలె కదా, ఇది చాలా గట్టిది," అన్నాడు.

"వద్దు మామా. రంగుల కాడి డబ్బా వంట గిన్నెకెందుకు? ఇంట్ల ఉన్నయి చాలు. కిరాణంల సిర్కా, గదే వెనిగర్, దొరుకుతది, నిమ్మకాయలు తెచ్చియ్యుండ్రి. ఆ బ్లీచింగును దూరం పెట్టుండ్రి, పులుపు దానికి తాకితే ఖరాబు గాలి లేస్తది."

"మీ అత్త పట్టిన డబ్బాలు అన్నీ గట్లాంటివే," అన్నాడు వెంకటనర్సు. లీలమ్మ అతని వైపు ఒక చూపు చూసింది. అతను సిర్కాకూ, నిమ్మకాయలకూ పోయాడు.

సింధూజ పని మొదలుపెట్టింది. గుడ్డలు సిర్కాలో ముంచి, తెల్ల చారల మీద తడిగా అతికించి పెట్టింది. గుడ్డ అంచుల నుంచి సన్నటి బుడగలు లేచాయి. కొంచెం సేపయ్యాక గుడ్డ తీసి మెత్తగా తుడిస్తే సున్నం తడి ముగ్గులా జారిపోయింది. ఒకచోట మొండిగా మిగిలితే గోటితో గీకలేదు, మళ్లీ తడి గుడ్డ పెట్టి ఎదురుచూసింది. లీలమ్మ అయితే ఈపాటికి చాకు తెచ్చేది.

రంగు పట్టెలకు మరీ ఓపిక కావాల్సి వచ్చింది. గోరువెచ్చటి సిర్కాతో తుడిస్తే బంగారు రంగు మొదట వెళ్లిపోయింది. ఊదా పలచబడింది. నీలం కదలలేదు. సింధూజ చింతపండు నానబెట్టి గుజ్జు తీసి, నీలం మీద పట్టీలా వేసి, పిల్లకు పాలిచ్చి వచ్చింది. తర్వాత నిమ్మచెక్కతో, స్టీలుకు మెరుపు పెట్టిన వైపుగానే, గుండ్రంగా కాకుండా నిలువుగా, మెత్తగా తుడిచింది. కడిగి, చూసి, మళ్లీ పూసింది. చెయ్యి అలిసినా బలం పెట్టలేదు.

లీలమ్మ పిల్లను ఊపుతూ పక్కనే కూర్చుంది. రంగు పట్టకుండా నూలుకు చిటికి ముడులు కట్టేటప్పుడు తన తల్లి ఒక్కొక్క పోగుకు ఇలాగే తల వంచేది. సింధూజకు మగ్గం రాదు, రంగు పేర్లు తప్పుగా చెబుతుంది అని చుట్టాల దగ్గర తనెన్నిసార్లు అన్నదో గుర్తొచ్చింది. నీలం కొంచెం కొంచెంగా బూడిద రంగై, ఆ బూడిదా వెండిలోకి కలిసిపోతుంటే కళ్లు తిప్పుకోలేకపోయింది. తను ఈ ఇంట్లో రంగు ఎక్కించేవాళ్లనే చూసింది. ఇంత నెమ్మదిగా రంగు దించే చెయ్యిని చూడటం ఇదే మొదలు.

"నీ చెయ్యి మంచి చెయ్యే, బిడ్డా," అన్నది.

సింధూజ తలెత్తి, "ఎండ తాకి గిట్ల మాట్లాడుతున్నవా అత్తమ్మా?" అని నవ్వింది.

చివరి కడుగు బోరు నీళ్లతో కాకుండా మంచినీళ్ల ప్లాంటు నుంచి తెచ్చిన డబ్బా నీళ్లతో కడిగి, వెంటనే పొడి గుడ్డతో తుడిచింది. ఆరనిస్తే మళ్లీ తెల్ల మచ్చలు పడతాయని. ఏటవాలుగా పట్టి చూస్తే తప్ప నీలం జాడ లేదు. గీతలు మాత్రం ఉన్నాయి. ఇనుప పీచు గీసిన అరచెయ్యంత చోటు మసకగా మిగిలిపోయింది.

"ఇది నాతోని కాదత్తమ్మా. కంపెనీల పాలిష్ పెట్టాల్సిందే," అన్నది సింధూజ.

"అది నేను జేసిందే. నేనే చెప్త," అన్నది లీలమ్మ. ఆండాలమ్మ ఇంటికి పోయే దారి పొడుగునా, ఆటోలో గంజులను ఒళ్లో పెట్టుకుని, వదినె తలుపు తీయకపోతే, తీసి గంజు పడేస్తే, పడేసి జాగా మాట ఎత్తితే అని అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూనే ఉంది.

ఆండాలమ్మ తలుపు తీసింది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. చిన్న గంజును ఒక చూపు చూసి పక్కన పెట్టింది. పెద్దదాన్ని ఒళ్లోకి తీసుకుని తిప్పింది. మసక చోట బొటనవేలు ఆగింది.

లీలమ్మ దాచలేదు. మంట మాటా, రంగు పట్టెల మాటా, ఇనుప పీచు మాటా, కోడలు కూర్చుని తీసిన తీరూ, అన్నీ చెప్పేసింది. చెబుతున్నకొద్దీ భయం తగ్గి కోడలి ముచ్చటే ఎక్కువైంది. "గుడ్డ పెట్టి కూసుంటది వదినె, గంటలకు గంటలు. ఒక్కసారి గట్టిగ రుద్దదు. గీ గీతలు నావి, మెరుపు దానిది. ఇగ మీదట మాకు గంజులిస్తవా, ఇయ్యవా?"

ఆండాలమ్మ బొటనవేలు ఆ గీతల మీద అటూ ఇటూ తిరుగుతోంది. పక్కింట్లో మగ్గం చప్పుడు ఆగి మళ్లీ మొదలైంది.

ఆండాలమ్మ లేచింది. లోపలికి పోయి, గోడ వైపు తిప్పి పెట్టిన ఒక గంజును ఎత్తుకొచ్చింది. అన్నింటికన్నా పెద్దది, ఆమె ఎవరికీ చూపించనిది. వాకిట్లో వెలుతురుకు తిప్పింది. దాని నడుం చుట్టూ సున్నపు మచ్చలు బొల్లిలా పాకి ఉన్నాయి. అడుగున నీలమూ, ఊదా. ఆ నీలం మీద, ఒకటి కాదు, గుండ్రంగా చుట్లు చుట్లుగా ఇనుప పీచు గీతలు.

లీలమ్మ వంగి ఆ గీతలను వేలితో తాకింది.

ఆండాలమ్మ గంజును ఆమె ముందుకు జరిపి అన్నది.

"మీ సింధూజను రేపు రమ్మను, లీలా. పిల్లను గూడ తేవాలె. నిమ్మకాయలు నేను తెప్పిస్త."