తేడా సున్నా

ఖతార్‌లోని లుసైల్ సైట్‌లో నేను సర్వేయర్‌ని. కంచె అవతల రెండు వందల మీటర్ల దూరంలో, నేలలోని పాత నీటి పైపుకి గుర్తుగా ఒక ఇనుప కడ్డీ ఉంది. దాని చోటు లెక్కగట్టాలి. సన్న కడ్డీ మీద దూరం కొలిచే లేజర్ నిలవక, రెండు చోట్ల నుంచి కోణాలు కొలిచాను. ఆ రెండు చూపుల మధ్య ఒక్క డిగ్రీయే ఉంది. కొలతలో చిన్న తప్పు లెక్కలో ఎన్ని రెట్లు పెరగొచ్చో చెప్పే కండిషన్ నంబర్‌ని సాఫ్ట్‌వేర్ నూట పదిహేను అని ఎర్రగా చూపించింది.

"గీతలు రెండూ దాదాపు ఒకటే అయిపోయాయి సార్. కోణం పది సెకన్లు తప్పితే చాలు, కడ్డీ అర మీటరు జరిగిపోతుంది. అటు పక్క నుంచి మళ్ళీ కొలుస్తాను," అన్నాను.

"చెక్‌లో తేడా సున్నా వచ్చిందిగా?" అన్నాడు మేనేజర్ ఆండ్రూ.

రెండు గీతలు ఏ తప్పు చోట కలిసినా ఆ సున్నాయే వస్తుందయ్యా మహానుభావా! అదే మర్యాదగా చెప్పాను.

"యల్లా, కానివ్వు, సంతకం పెట్టు," అన్నాడు. పెట్టాను.

ఆ లెక్క ప్రకారం, కంచె ఇవతలికి వచ్చే ఆ పైపుకి అర మీటరు వదిలి సున్నంతో గీత గీశాం. పొక్లెయిన్ నడిపే జలంధర్ ఆ గీత మీదే తవ్వాడు. గంట తిరక్కముందే పైపు పగిలింది.

అజాగ్రత్తగా తవ్వాడని వార్నింగ్ లెటర్ జలంధర్‌కి వచ్చింది. అది తెలుగులో చెప్పే పని నాకే అప్పగించారు.

"మీరు గీసిన కాడనే తవ్విన గద సార్?" అన్నాడు.

"లెక్కలో తేడా సున్నా, జలంధర్," అన్నాను.

నమ్మాడు. సంతకానికి నా పెన్నే ఇచ్చాను.